అట్టడుగును కంటితో వెతకొద్దు

పదో తరగతి లెక్కల్లో బహుపదుల పాఠం దగ్గరికి రాగానే గ్రాఫు కాగితం బయటికొస్తుంది. పట్టిక వేయాలి, బిందువులు పెట్టాలి, వాటిని కలుపుతూ పరావలయం గీయాలి. ఆ గీత x-అక్షాన్ని ఎక్కడ ఖండించిందో చూసి మూలాలు రాయాలి. అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది గనక చాలామంది అక్కడే పెన్సిలు కింద పెట్టేస్తారు. నిజానికి మూలాలు తెలిశాకే ఆ గీతను చదవడం సులువవుతుంది.

y = x² − 3x − 4 తీసుకుందాం. x కి −2 నుంచి 5 దాకా ఒక్కొక్క విలువే ఇస్తూ పోతే y కి వరసగా 6, 0, −4, −6, −6, −4, 0, 6 వస్తాయి. ఈ వరస వికటకవి లాంటిది, ఎటునుంచి చదివినా ఒకటే. గ్రాఫు గీయకముందే సౌష్ఠవం పట్టికలో కనబడుతోందన్నమాట. తప్పు పట్టుకోవడానికి కూడా ఇదే పనికొస్తుంది. −2 ని వర్గం చేసేటప్పుడు 4 బదులు −4 రాసేయడం పిల్లలు తరచూ చేసే పొరపాటు. అప్పుడు మొదటి విలువ 6 కాకుండా −2 అవుతుంది. కుడి చివర 6 ఉండి ఎడమ చివర −2 ఉంటే, గుణకారాలన్నీ మళ్లీ చేయకుండానే తప్పు ఏ గడిలో ఉందో తెలిసిపోతుంది.

y సున్నా అయిన చోట్లు −1, 4. అవే మూలాలు. అసలు చిక్కు అడుగున వస్తుంది. x = 1 దగ్గరా x = 2 దగ్గరా y విలువ −6 కాబట్టి ఆ రెండు బిందువులనూ స్కేలు పెట్టి అడ్డంగా కలిపేస్తారు. పరావలయం కాస్తా అడుగు చదునైన గిన్నె అవుతుంది. పరావలయంలో ఎక్కడా తిన్నని ముక్క ఉండదు. ఆ రెండు బిందువుల మధ్య గీత ఇంకా కిందికి దిగి, మలుపు తిరిగి, పైకి రావాలి. అది మలుపు తిరిగే ఆ చోటే శీర్షం. మన పట్టికలో అది లేదు, ఎందుకంటే మనం x కి పూర్ణసంఖ్యలే ఇచ్చాం.

మరి దాన్ని ఎలా కనుక్కోవాలి? గీతను చక్కగా గుండ్రంగా గీసి, అన్నిటికంటే కిందున్న చోటు ఏదో కళ్లు చిట్లించి చూడటం చాలామందికి తోచే మార్గం. అది నమ్మదగ్గది కాదు. రెండు అక్షాల మీదా 1 సెంటీమీటరుకు 1 యూనిట్ అనుకోండి. x = 1.4 దగ్గర y విలువ −6.24, 1.5 దగ్గర −6.25, 1.6 దగ్గర మళ్లీ −6.24. ఎత్తులో తేడా కాగితం మీద మిల్లీమీటరులో పదో వంతు. పెన్సిలు గీత మందమే అంతకంటే ఎక్కువ! అదే x-అక్షం దగ్గర చూడండి. x విలువ 4 నుంచి 4.1 కి జరిగితే చాలు, y సున్నా నుంచి 0.51 కి లేస్తుంది, అంటే కాగితం మీద అయిదు మిల్లీమీటర్లు. అక్కడ గీత నిటారుగా దూసుకుపోతోంది కాబట్టి ఖండించిన చోటు స్పష్టంగా తెలుస్తుంది. అడుగున గీత దాదాపు పడుకుని ఉంటుంది కాబట్టి ఏమీ తేలదు.

అందుకే అడుగు సంగతి పక్కల్ని అడగాలి. మూలాలు −1, 4. రెంటికీ నడిమధ్య 1.5. అక్కడ నిలువుగా గీసిన గీత x = 1.5 సౌష్ఠవాక్షం. కాగితాన్ని ఆ గీత వెంట మడిస్తే ఎడమ సగం కుడి సగం మీద పడుతుంది. శీర్షం ఆ గీత మీదే ఉండి తీరాలి. x = 1.5 ని సమీకరణంలో పెడితే 2.25 − 4.5 − 4, అంటే −6.25. శీర్షం (1.5, −6.25). ఆ బిందువును కాగితం మీద పెట్టి, అప్పుడు గీత కలిపితే గిన్నె అడుగు గుండ్రంగా వస్తుంది.

మూలాలే లేకపోతే? చివరి −4 ని మాత్రం మారుస్తూ చూద్దాం. దాన్ని −5 చేస్తే పరావలయమంతా ఒక యూనిట్ కిందికి జారుతుంది, ఆకారం మారదు. ఇప్పుడు అది x-అక్షాన్ని గ్రాఫు మీద సుమారు −1.2, 4.2 దగ్గర ఖండిస్తుంది. అసలు విలువలు −1.193, 4.193 దాకా ఉన్నాయి. మిల్లీమీటరు గళ్ల కాగితం ఇంతకంటే చెప్పలేదు, కచ్చితమైన జవాబుకు సూత్రం దగ్గరికే వెళ్లాలి. అయినా −1.2, 4.2 ల నడిమధ్య మళ్లీ 1.5 వచ్చింది చూడండి. అదే చివరి అంకెను 2.25 చేస్తే గీత పైకి లేచి, శీర్షంతో x-అక్షాన్ని ఆనుకుని ఊరుకుంటుంది. రెండు మూలాలూ ఒకటే, 1.5. చివరి అంకెను 4 చేస్తే అక్షానికి 1.75 యూనిట్ల పైనే ఆగిపోతుంది, వాస్తవ మూలాలు ఉండవు. మూలాలు దూరం జరిగాయి, కలిశాయి, మాయమయ్యాయి. సౌష్ఠవాక్షం మాత్రం చోటు కదల్లేదు.

ఎందుకంటే ఒకే ఎత్తులో ఉన్న ఏ రెండు బిందువులైనా ఆ అక్షానికి చెరోవైపు సమదూరంలో ఉంటాయి. వాటి ఎత్తు సున్నాయే కానక్కర్లేదు. చివరి అంకె ఏదైనా, x = 0 దగ్గరా x = 3 దగ్గరా x² − 3x సున్నా అవుతుంది కాబట్టి ఆ రెండు చోట్లా y విలువ ఆ అంకే. 0, 3 ల నడిమధ్య 1.5. పాఠ్యపుస్తకాల్లో కనబడే −b/2a లోపల ఉన్నది ఇంతే.

ఇప్పుడు ఒక బంతి లెక్క. 15 మీటర్ల ఎత్తున్న మేడ అంచు నుంచి బంతిని నిట్టనిలువుగా సెకనుకు 10 మీటర్ల వేగంతో పైకి విసిరాం. గురుత్వ త్వరణాన్ని 10 గా సరిపెట్టుకుని, గాలి అడ్డును వదిలేస్తే, t సెకన్లకు దాని ఎత్తు h = 15 + 10t − 5t². ఈసారి t² ముందు రుణ గుర్తు ఉంది కాబట్టి పరావలయం బోర్లించినట్టుంటుంది, శీర్షం శిఖరమవుతుంది. ఈ గ్రాఫును బంతి ప్రయాణించిన దారి అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. బంతి పైకెళ్లి కిందికే వస్తోంది, పక్కకు జరగడం లేదు. పక్కకు జరుగుతున్నది కాలం.

గ్రాఫు అడ్డక్షాన్ని −1 దగ్గరా 3 దగ్గరా ఖండిస్తుంది. బంతి 3 సెకన్లకు నేలను తాకుతుంది. −1 ని అర్థం లేనిదని కొట్టేస్తాం, పరీక్షలో అలాగే చేయాలి కూడా. కానీ కొట్టేసేముందు దాన్ని ఒకసారి వాడుకోవచ్చు. −1, 3 ల నడిమధ్య 1. కాబట్టి బంతి ఒక సెకనుకు శిఖరం చేరుతుంది, అక్కడ ఎత్తు 15 + 10 − 5, అంటే 20 మీటర్లు. ఆ −1 కూడా మరీ అర్థం లేనిదేం కాదు. మనం విసరడానికి ఒక సెకను ముందు, కింద నేల మీంచి ఎవరైనా సెకనుకు 20 మీటర్ల వేగంతో బంతిని పైకి విసిరి ఉంటే, అది సరిగ్గా మనం విసిరే క్షణానికి మేడ అంచును 10 మీటర్ల వేగంతో దాటుతూ ఉండేది. ఆ తర్వాత రెండు బంతులకూ గ్రాఫు ఒక్కటే.