ఇరవై గీత దగ్గర యాభై యూనిట్లు

మన దేశంలో ఇన్సులిన్ ప్రధానంగా రెండు గాఢతల్లో దొరుకుతుంది. ఎక్కువగా వాడే సీసాల్లో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. పెన్నుల్లో పెట్టే కార్ట్రిడ్జ్‌లలో, గ్లార్జిన్ వంటి కొన్ని రకాల సీసాల్లో 100 యూనిట్లు ఉంటాయి. సిరంజిలు కూడా వేరు. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. సిరంజి మీది గీతలు చూపే లెక్క దానికి తగిన సీసాతో వాడినప్పుడే నిజమవుతుంది. 40 సిరంజిలో 20 గీత వరకు తీస్తే అర మిల్లీలీటరు వస్తుంది. ఆ అర మిల్లీలీటరును 100 సీసా నుంచి తీస్తే అందులో 50 యూనిట్లుంటాయి. అంటే రోగికి చెప్పిన దానికి రెండున్నర రెట్లు వెళుతుంది.

ఒక వార్డులో రాత్రి సరిగ్గా ఇదే జరిగిందనుకుందాం. మర్నాడు రాయాల్సిన ఇన్సిడెంట్ రిపోర్టు ఎలా ఉండాలి? "డ్యూటీ నర్సు నిర్లక్ష్యంగా ఇన్సులిన్ ఎక్కువ ఇచ్చింది" అని ఒక్క వాక్యంలో తేల్చేయవచ్చు. కానీ దాన్ని చదివినవారికి ఏం జరిగిందో తెలియదు. నిర్లక్ష్యం అన్నది రాసినవారి తీర్పు, కళ్లతో చూసిన విషయం కాదు.

మంచి రిపోర్టు ఇలా సాగుతుంది: "డాక్టర్ ఆర్డరు: గ్లార్జిన్ 20 యూనిట్లు, రాత్రి 9 గంటలకు. ఇచ్చినది: 100 సీసా నుంచి, ఎర్ర మూత సిరంజితో 20 గీత వరకు, అంటే 50 యూనిట్లు. తెల్లవారుజామున 3 గంటలకు రోగికి చెమటలు, వణుకు. గ్లూకోమీటర్‌లో 48. డ్యూటీ డాక్టర్‌కు వెంటనే ఫోన్. 25 శాతం డెక్స్‌ట్రోస్ 100 మిల్లీలీటర్లు నరంలోకి ఇచ్చారు. 15 నిమిషాల తర్వాత 112. గ్లార్జిన్ ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది కాబట్టి గ్లూకోజ్ సెలైన్ కొనసాగించి, గంటకోసారి పరీక్ష చేశారు. డిశ్చార్జ్ ఒక రోజు ఆలస్యమైంది. ఉదయం రోగికి, బంధువులకు జరిగింది చెప్పారు." ఇందులో సిబ్బంది పేర్లు లేవు, హోదాలే ఉన్నాయి. విశేషణాలు లేవు, సమయాలూ కొలతలూ ఉన్నాయి.

తర్వాతి భాగంలో కారణాలు వెతకాలి. అక్కడ కూడా చూసినదే రాయాలి. ఆ వార్డు ట్రేలో ఎర్ర మూత సిరంజిలు మాత్రమే ఉన్నాయి. గ్లార్జిన్ సీసా ఆ సాయంత్రమే ఫార్మసీ నుంచి వచ్చింది, దానితో పాటు నారింజ మూత సిరంజి రాలేదు. రెండు గాఢతల సీసాలూ ఫ్రిజ్‌లో ఒకే అరలో ఉన్నాయి. ఇన్సులిన్ ఇచ్చేముందు ఇద్దరు చూడాలన్న నియమం ఉంది, కానీ ఆ రాత్రి వార్డులో ఒక్క నర్సే ఉన్నారు. ఇవి చదివితే ఎంత జాగ్రత్తపరులైనా అదే చోట అదే పొరపాటు చేయగలరని అర్థమవుతుంది.

అందుకే "సిబ్బంది ఇకపై అప్రమత్తంగా ఉండాలి" అన్న సర్క్యులర్ బలహీనమైన పరిష్కారం. నర్సుల శిక్షణ అవసరమే గానీ, బదిలీలతో, అలసటతో దాని ప్రభావం తగ్గుతుంది. జ్ఞాపకశక్తి మీద ఆధారపడని మార్పులు ఎక్కువ కాలం నిలుస్తాయి. వార్డులకు 100 సీసాలు పంపడం మానేసి పెన్నులే ఇవ్వడం అన్నిటికన్నా గట్టి మార్పు, ఎందుకంటే అప్పుడు సిరంజి ఎంచుకోవాల్సిన పనే ఉండదు. అది వీలుకాకపోతే, నారింజ మూత సిరంజిలు జతచేయకుండా ఫార్మసీ 100 సీసాను బయటికి పంపకూడదు. ఫ్రిజ్‌లో రెండింటికీ వేర్వేరు పెట్టెలు ఉండాలి. రాత్రి రెండో పరిశీలనకు పక్క వార్డు నర్సు రావాలో, ఇంకెవరు రావాలో ముందే నిర్ణయించాలి. ప్రతి మార్పు పక్కన బాధ్యులెవరో, ఏ తేదీలోగా చేయాలో రాయాలి. ఆ తర్వాత ఎవరైనా చెప్పకుండా వెళ్లి ట్రేలు, ఫ్రిజ్‌లు తెరిచి చూడాలి.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. తెలిసీ నియమాన్ని తుంగలో తొక్కినా, తప్పును దాచిపెట్టినా అది వేరే విచారణకు వెళ్లాల్సిన విషయం. అలాగే రిపోర్టుల సంఖ్యను చూసి పొరపాట్లు పెరిగాయనో తగ్గాయనో చెప్పలేం. సూది వేయకముందే సిరంజి తేడాను గుర్తించి ఆపిన సందర్భాలు కూడా రిపోర్టుల్లోకి వస్తే మొత్తం సంఖ్య పెరుగుతుంది. కానీ అది సిబ్బందికి భయం తగ్గిందనడానికి గుర్తు. శిక్ష పడుతుందని తెలిస్తే అలాంటివి ఎవరూ రాయరు. అప్పుడు ఆసుపత్రికి ప్రమాదం గురించి తెలిసేది రోగికి హాని జరిగాకే.

ఇంట్లో ఇన్సులిన్ తీసుకునేవారికీ ఈ ప్రమాదం ఉంది. మందుల షాపులో కొత్త సీసా కొన్నప్పుడు దాని మీద 40 ఉందో 100 ఉందో చూడండి, సిరంజి మీద కూడా అదే అంకె ఉండాలి. 40 సీసాకు 100 సిరంజి వాడితే 20 గీత దగ్గర వెళ్లేది 8 యూనిట్లే, అప్పుడు షుగర్ తగ్గదు. పెన్ను కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజితో మందు తీయకండి. అంకెలు కలవకపోతే ఆ పూట సూది వేసుకునే ముందే ఫార్మసిస్టును అడగండి.