ఆర్పినా మిణుకుమనే మెట్ల లైటు

మెట్ల దగ్గరి ఎల్‌ఈడీ బల్బు స్విచ్ ఆపేశాక కూడా కొన్ని సెకన్లకోసారి మిణుక్కుమంటుంటే, ఇంట్లోవాళ్లు ముందు బల్బునే తిట్టుకుంటారు. దుకాణానికి పట్టుకెళ్లి మార్చుకొస్తారు. కొత్తదీ అదే పని చేస్తుంది. గుండు బల్బు పెడితే మాత్రం నిక్షేపంగా ఆరిపోతుంది. దాంతో ఎల్‌ఈడీలే పనికిమాలినవన్న నిర్ణయానికి వచ్చేస్తారు. నిజానికి ఆ బల్బు గోడలో ఎన్నాళ్లుగానో జరుగుతున్న సంగతినే బయటపెడుతోంది.

మెట్లకు టూ వే స్విచ్‌లుంటాయి, కింద ఒకటి, పైన ఒకటి. రెంటి మధ్య రెండు వైర్లు ఒకే పైపులో ఆనుకుని నడుస్తాయి. లైటు ఆరి ఉన్నప్పుడు వాటిలో ఒకటి ఫేజ్‌కు, రెండోది బల్బుకు తగిలి ఉంటుంది. రెంటి రాగీ ఎక్కడా తాకదు. అయినా మధ్యన ప్లాస్టిక్ తొడుగుతో పక్కపక్కన సాగే రెండు తీగలు చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తాయి. ఏసీ కరెంటు కెపాసిటర్‌ను కొద్దిగా దాటుతుంది. పది మీటర్ల పైపులో ఆ కెపాసిటీ దాదాపు వెయ్యి పికోఫారడ్ల దాకా ఉండొచ్చు. మన 230 వోల్టులు, 50 హెర్ట్జ్ సరఫరాలో దాని గుండా జారేది 70 మైక్రోఆంపియర్లు, అంటే ఆంపియర్‌లో పదిలక్షల వంతులు డెబ్బై.

అరవై వాట్ల గుండు బల్బుకు ఇది లెక్కలోకే రాదు. ఫిలమెంట్ ఎర్రబడాలంటే వేడెక్కాలి, అంత వేడి పుట్టాలంటే పదుల మిల్లీఆంపియర్లు కావాలి. ఎల్‌ఈడీ తీరు వేరు. దాని అడుగున డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. ముందు నాలుగు డయోడ్ల బ్రిడ్జి ఏసీని డీసీ చేస్తుంది, దాని వెనుక ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆ కరెంటును దాచుకుంటుంది, ఆ తర్వాత ఐసీ దాన్ని ఎల్‌ఈడీలకు కొలిచి ఇస్తుంది. చాటుగా జారే కరెంటు చుక్క చుక్కగా కుండ నింపినట్టు ఆ కెపాసిటర్‌ను నింపుతుంది. ఒక హద్దుకు చేరగానే ఐసీ మేల్కొని ఉన్నదంతా ఒక్కసారి ఎల్‌ఈడీలకు పంపేస్తుంది. అదే మిణుకు. కెపాసిటర్ ఖాళీ అవుతుంది, ఐసీ మళ్లీ నిద్రపోతుంది, నింపుడు మళ్లీ మొదలు. 4.7 మైక్రోఫారడ్ల కెపాసిటర్, వంద వోల్టుల దగ్గర మేల్కొనే ఐసీ అనుకుంటే, పైన చెప్పిన జారుడుకు ఒక్కో విడత సుమారు ఎనిమిది సెకన్లు పడుతుంది.

ఐసీ లేని చవక డ్రైవర్లు, లేదా మేల్కొనే హద్దంటూ లేనివి, మిణుకుమనవు. కెపాసిటర్ ఆగకుండా కొద్దికొద్దిగా వదులుతుంటుంది కాబట్టి రాత్రంతా బూడిదరంగు వెలుగు కనిపిస్తుంది. ఆపిన కొన్ని క్షణాలు మాత్రమే మసకగా వెలిగి ఆరిపోతే దాన్ని పట్టించుకోనక్కర్లేదు, అది మిగిలిన చార్జీ ఖర్చవడమే.

ఇదే లక్షణం వేరే కారణాలకూ వస్తుంది. స్విచ్‌లో చిన్న నియాన్ ఇండికేటర్ ఉంటే, ఆపినప్పుడు దాన్ని వెలిగించే కరెంటు బల్బు గుండానే వెళ్తుంది. అది ఒక మిల్లీఆంపియర్ దాకా ఉండొచ్చు, మెట్ల వైరు జారుడుకు పదింతలు పైనే. స్విచ్‌ను ఫేజ్‌లో కాక న్యూట్రల్‌లో పెట్టిన ఇళ్లది అసలైన ప్రమాదం. ఆపినా హోల్డర్‌లో ఫేజ్ అలాగే ఉంటుంది, బల్బు మార్చేవాళ్లకు షాక్ కొట్టొచ్చు.

ఏది కారణమో టెస్టర్ చెప్పలేదు. కొన్ని మైక్రోఆంపియర్లకే దాని నియాన్ వెలుగుతుంది కాబట్టి ఉత్త జారుడుకూ, నేరుగా ఉన్న ఫేజ్‌కూ తేడా తెలియదు. డిజిటల్ మీటర్ కూడా ఖాళీ హోల్డర్‌లో వంద వోల్టులు పైగా చూపి భయపెడుతుంది. అందుకే అనుభవమున్న ఎలక్ట్రీషియన్ గుండు బల్బు కట్టిన టెస్ట్ ల్యాంప్‌ను ఇంకా మూలన పడేయలేదు. దాన్ని స్విచ్ దాటి వచ్చే వైరుకూ న్యూట్రల్‌కూ మధ్య తగిలిస్తే, ఉత్త జారుడైతే మీటరు దాదాపు సున్నాకు పడిపోతుంది. స్విచ్ ఫేజ్‌లో ఉందో, న్యూట్రల్‌లో ఉందో మాత్రం మెయిన్ ఆపి, స్విచ్ బోర్డు విప్పి చూడాల్సిందే.

న్యూట్రల్ స్విచ్‌కు చికిత్స ఒక్కటే, స్విచ్‌ను ఫేజ్‌లోకి మార్చించడం. ఇండికేటర్ ఉంటే అది లేని స్విచ్ పెట్టుకోవచ్చు. మెట్ల దగ్గర వైర్లు మార్చలేం కాబట్టి హోల్డర్ రెండు కొసల మధ్య 0.1 మైక్రోఫారడ్, 275 వోల్టుల ఏసీ అని రాసిన ఎక్స్2 రకం కెపాసిటర్ కట్టిస్తారు. 70 మైక్రోఆంపియర్లు దాని గుండా పోతే బల్బు దగ్గర రెండు వోల్టులకు కాస్త పైన మాత్రమే మిగులుతుంది. ఐసీ మేల్కోవడానికి అది ఏ మూలకూ చాలదు. ఎక్స్2 ముద్ర లేని కెపాసిటర్ ఏసీ మెయిన్స్‌కు తగదు, పాడైతే మంటలు రేగొచ్చు.

కరెంటు బిల్లు బెంగ అక్కర్లేదు. ఇండికేటర్ ఏడాదంతా వెలిగినా దాదాపు రెండు యూనిట్లు. మెట్ల మిణుకుకు మీటరు కదలడమే కష్టం.

మిణుకు వానాకాలంలోనే మొదలై, ఎండ కాస్తే తగ్గిపోతే లెక్క వేరు. గోడలోని పైపులోకి తడి చేరి వైరు తొడుగు దెబ్బతిన్నదేమోనని అనుమానించాలి. మెయిన్ ఆపి, బల్బులన్నీ తీయించి 500 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్ కొలిపించాలి. ఒక మెగా ఓమ్‌కు తక్కువ వస్తే ఆ లైన్‌ను వాడకుండా వైరు మార్పించాలి. హోల్డర్‌లో కెపాసిటర్ కట్టి మిణుకును దాచేయడం ఇక్కడ పనికిరాదు.