బోర్డు చదివిందా, ఊహించిందా?

మన రైల్వే స్టేషన్ల బోర్డుల మీద ఊరి పేరు తెలుగు, హిందీ, ఇంగ్లీషు లిపుల్లో ఉంటుంది. అలాంటి బోర్డును ఫోటో తీసి, తెలుగులో ఏం రాసి ఉందో చెప్పమని ఏఐ మోడల్‌ను అడిగితే తడుముకోకుండా చెప్పేస్తుంది. అంతమాత్రాన దానికి తెలుగు చదవడం వచ్చేసిందని అనుకోవడానికి లేదు. కింద ఉన్న ఇంగ్లీషు పేరు చదివి, దాన్నే తెలుగులో రాసి ఇచ్చే వీలుంది. మిగతా రెండు లిపులనూ చెరిపేసి మళ్లీ అడిగితే గానీ అసలు సంగతి తేలదు.

ఇంగ్లీషుకూ తెలుగుకూ మధ్య ఈ తేడా కొత్తదేమీ కాదు. హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2017లో వీధి ఫోటోల్లోని తెలుగు, మలయాళం, దేవనాగరి పదాలతో ఒక పరీక్ష పెట్టారు. అప్పటి మంచి పద్ధతితో చదివిస్తే తెలుగులో నూటికి 57 పదాలే తప్పు లేకుండా వచ్చాయి. దాదాపు అలాంటి పద్ధతే అంతకుముందే ఇంగ్లీషు పదాల మీద నూటికి 78 దాకా సాధించింది. పరీక్షలు వేరు కాబట్టి ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి తూచడం పూర్తిగా న్యాయం కాదు. ఆ తర్వాత మోడళ్లు చాలా మెరుగుపడ్డాయి కూడా. కానీ వెనకబాటుకు కారణాలు మాత్రం పోలేదు.

మొదటి కారణం అక్షరం కట్టుబడిలోనే ఉంది. ఇంగ్లీషు అక్షరాలు ఒకే వరుసలో పక్కపక్కన నిలబడతాయి. తెలుగులో గుడి పైన, వత్తు కింద, అక్షరం మధ్యలో. ‘రాష్ట్రం’ అనే మాటలో కంటికి కనిపించేవి రెండే అక్షరాలు. కంప్యూటర్ దాన్ని ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్నా అని ఎనిమిది ముక్కలుగా దాచుకుంటుంది. ష కింద టవత్తు, దాన్ని చుట్టుకుని రవత్తు. వీటిలో ఏ ఒక్కటి జారినా మాట తప్పుతుంది.

ఇక ఫోటో సంగతి. 2023లో వచ్చిన లావా 1.5 అనే మోడల్ ఎంత పెద్ద బొమ్మనైనా పొడవూ వెడల్పూ 336 పిక్సెళ్లకు కుదించి, 14 పిక్సెళ్ల గళ్లుగా కోసి చూస్తుంది. ఫోన్ ఫోటో పొడవు 4000 పిక్సెళ్లనుకుందాం. అందులో 120 పిక్సెళ్ల ఎత్తున్న అక్షరం పదికి కుంచించుకుపోతుంది. పది పిక్సెళ్లలో ఇంగ్లీషు E ఇంకా E లాగే ఉంటుంది. తెలుగులో ద కింద చిన్న గీత పెడితే ధ, పొట్టలో చుక్క కూడా పెడితే థ. ఆ గీతకూ చుక్కకూ అక్కడ మిగిలేది ఒకటో రెండో పిక్సెళ్లు. మాధవి మాదవి కావడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. కొత్త మోడళ్లు బొమ్మను పెద్ద ముక్కలుగా విడిగా చూస్తున్నాయి కాబట్టి ఈ ఇబ్బంది తగ్గింది. అయినా దూరం నుంచి తీసిన బోర్డులో ఇప్పటికీ తప్పదు.

రెండో కారణం శిక్షణ. ఇంగ్లీషుకు ఒక్క ఎంజే సింత్ అనే భాండాగారంలోనే తొంభై లక్షల కృత్రిమ పదచిత్రాలున్నాయి. తెలుగుకూ ఇలా యంత్రంతో బొమ్మలు తయారు చేస్తారు. అయితే వాటిని గీసేది యూనికోడ్ ఫాంట్లతో. మన ఫ్లెక్సీల్లో ఏళ్ల తరబడి నడిచింది అను ఫాంట్లు. గోడల మీద పెయింటర్ల చేతిరాత. సినిమా టైటిళ్ల సంగతైతే చెప్పనే అక్కర్లేదు, కొన్నింటిని మనమే ఆగి చదువుకోవాలి. పాఠం ఒక రాతలో, పరీక్ష ఇంకో రాతలో అన్నమాట.

ఇంగ్లీషు మీద తర్ఫీదైన మోడల్‌నే కాస్త దిద్ది తెలుగుకు వాడుకుంటే సరిపోదా? ట్రిపుల్ ఐటీ వాళ్లే 2021లో అది కూడా చూశారు. అంత లాభం కనిపించలేదు. ఒక భారతీయ లిపి నుంచి మరో భారతీయ లిపికి మార్చుకోవడమే మేలని తేల్చారు. గుణింతాలు, వత్తులు ఉన్న లిపులకు వాటిలో వాటికే పోలిక మరి.

వీటన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది తప్పు కనిపించే తీరు విషయంలో. పాత ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ తడబడితే అర్థం లేని అక్షరాల ముద్ద వచ్చేది. చూడగానే తప్పని తెలిసేది. ఇప్పటి మోడల్‌కు భాష కూడా వచ్చు. సగం చెరిగిన కిరాణా కొట్టు బోర్డులో ‘శ్రీ వెంక’ వరకే కనబడితే, అసలు పేరు వెంకటరమణ అయినా సరే, ఎక్కువగా వినబడే ‘వెంకటేశ్వర’ అని పూర్తి చేసేయగలదు. రాసింది చక్కని తెలుగు కావడంతో ఎవరికీ అనుమానం రాదు.

అందుకని పాత దస్తావేజు, పెళ్లి శుభలేఖ, మందుల దుకాణం చీటీ లాంటివి ఫోటో తీసి చదివించేవాళ్లు కాగితం మొత్తాన్ని ఒకేసారి ఇవ్వకుండా, కావలసిన నాలుగు వరుసలనూ దగ్గరగా విడిగా తీసి ఇవ్వండి. కనపడని అక్షరాల దగ్గర ఖాళీ వదలమని ముందే చెప్పండి. వచ్చిన దాంట్లో ఇంటిపేర్లు, ఊళ్ల పేర్లు, సర్వే నంబర్లు మాత్రం కాగితం పక్కన పెట్టుకుని మీ కళ్లతో ఒకసారి సరిచూసుకోండి.