కెనడీ ‘వుయ్’లో ఎవరెవరున్నారు?

మనకు మేము, మనం ఉన్నట్టే తమిళానికి నాంగళ్, నామ్ ఉన్నాయి. వినేవాళ్లను కలుపుకుంటే నామ్, బయట ఉంచితే నాంగళ్. ఇంగ్లిషు ‘వుయ్’కి ఈ తేడా లేదు కాబట్టి అనువాదకుడు ప్రతిచోటా ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకోవాలి.

1961 జనవరి 20న కెనడీ చేసిన ప్రమాణ స్వీకార ప్రసంగమే తీసుకోండి. ఎదురుగా ఉన్నది అమెరికన్లు. కానీ మధ్యలో ఆయన పాత మిత్రదేశాలవైపు తిరిగి, నమ్మకమైన స్నేహితులుగా ఉంటామని మాట ఇస్తాడు. ఇక్కడ నాంగళే రావాలి. నామ్ వేస్తే ఆ దేశాలు తమకు తామే మాట ఇచ్చుకున్నట్టవుతుంది. ఆ వెంటనే, కలిసి ఉంటే సాధించలేనిది పెద్దగా లేదంటాడు. అది రెండు పక్షాల మాట, కాబట్టి నామ్. ఒక్క పేరాలోనే మారాలి! శత్రుదేశాలతో మాట్లాడేటప్పుడూ అంతే: ‘మా ప్రత్యర్థులు’ అన్నచోట ఎంగళ్, కొత్తగా మొదలుపెడదాం అన్నచోట నామ్.

ఎటూ తేలకపోతే సర్వనామాన్నే వదిలేయొచ్చు. ‘చెయ్‌దోమ్’ అంటే చేశాం. ఆ ‘ఓమ్’ రెండింటికీ సరిపోతుంది. అయితే ‘అవర్’కి ఈ వెసులుబాటు తక్కువ. నమదు, ఎంగళ్‌లలో ఒకటి ఎంచుకోక తప్పదు. దేశం పేరెత్తినప్పుడల్లా అలవాటుగా నమదు రాసేస్తే, పరాయి దేశాలను ఉద్దేశించిన వాక్యంలో అది పొరపాటే.