సోమవారం ఎత్తని ఫోన్

మాది పాతబస్తీ, శాలిబండ. చెల్లెలు షికాగోలో నర్సు. రాత్రి 8కి డ్యూటీ దిగి 9కల్లా ఇల్లు చేరుతుంది. అప్పుడు మనకు పొద్దున 7.30. అమ్మ రోజూ ఆ టైముకే ఫోన్ చేసేది.

నవంబరులో ఓ సోమవారం ఎన్నిసార్లు చేసినా చెల్లెలు ఎత్తలేదు. "దానికేమైందిరా?" అని అమ్మ ఒకటే ఏడుపు. గంట తర్వాత తనే చేసింది. ఏమీ కాలేదు. అమ్మ చేసినప్పుడు అక్కడ ఇంకా ఎనిమిదే!

మన గడియారం ఏడాదంతా ఒకటే. అక్కడ మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. అందుకే మార్చి నుంచి నవంబరు దాకా తేడా పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర.

అమ్మకు సులువు లెక్క చెప్పాను. మన టైముకు గంటన్నర కలిపి, పగటిని రాత్రి చెయ్యి. చలికాలమైతే అరగంటే కలుపు. అలా మన పొద్దుటి 7.30 అక్కడ ముందురోజు రాత్రి 9, చలికాలంలో 8.

తికమకంతా మారే రోజే. అక్కడ తెల్లవారుజామున 2కి మారుస్తారు. అప్పటికి మనకు ఆదివారం మధ్యాహ్నం, మార్చిలో 1.30, నవంబరులో 12.30. కాబట్టి ఆ ఆదివారం పొద్దున పాత లెక్కే, సోమవారం నుంచి కొత్తది.

2026లో ఆ ఆదివారాలు మార్చి 8, నవంబరు 1. అమ్మ క్యాలెండరులో రెండింటికీ సున్నా చుట్టింది. నవంబరు 2 నుంచి ఫోన్ 8.30కే.