మధ్యగీతను 18 మైళ్లు జరిపిన తీర్పు

మధ్యధరా సముద్రంలో మాల్టా చిన్న ద్వీపదేశం. దానికి దక్షిణంగా, 180 నాటికల్ మైళ్లకు పైగా దూరంలో లిబియా తీరం. మధ్యలో ఉన్న సముద్రపు అడుగు నేల మీద చమురు హక్కులు ఎవరివి ఎంతవరకన్నదే ఇద్దరి తగాదా. అంతర్జాతీయ న్యాయస్థానం 1985 జూన్ 3న తీర్పు చెప్పింది.

సముద్రగర్భంలోని లోతైన చీలికలే సహజమైన సరిహద్దని లిబియా వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. తీరం నుంచి 200 మైళ్ల లోపు హక్కు దూరాన్ని బట్టి వస్తుంది, అడుగున గుంట ఉన్నా గుట్ట ఉన్నా ఒకటేనంది. సరిగ్గా మధ్యలో గీత గీస్తే చాలన్నది మాల్టా మాట. కోర్టు అక్కడే మొదలుపెట్టింది గానీ, అక్కడే ఆగలేదు.

ముందుగా రెండు తీరాలకూ సమదూరంలో ఉండే బిందువులను కలుపుతూ తాత్కాలికంగా ఒక గీత గీశారు. మాల్టాకు దక్షిణాన ఫిల్‌ఫ్లా అనే జనం లేని రాతి దిబ్బ ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తీసుకుంటే ఆ చిన్న రాయి గీతను లిబియా వైపు నెట్టేది.

ఆ తర్వాత, ఈ గీతను కదిలించాల్సిన పరిస్థితులు ఏమైనా ఉన్నాయా అని చూశారు. తమ దేశానికి ఇంధన వనరులు లేవన్న మాల్టా గోడు కోర్టు చెవికెక్కలేదు. ఇవాళ్టి పేదరికం రేపు ఉండకపోవచ్చు, సరిహద్దు మాత్రం ఉంటుంది కదా! కదిలించింది తీరాల పొడవు. లెక్కకు వచ్చే లిబియా తీరం 192 మైళ్లు, మాల్టాది 24. అంటే ఎనిమిదింతల తేడా. కాబట్టి గీత ఉత్తరానికి, మాల్టా వైపు జరగాలి.

ఎంత జరగాలి? నాకు ఈ తీర్పులో నచ్చేది ఇక్కడి ఉపాయమే. మాల్టా లేదనుకుని, ఇటలీకి చెందిన సిసిలీకీ లిబియాకీ మధ్య గీత గీస్తే అది ఎక్కడ పడుతుందో చూశారు. మొదటి గీతకు అక్షాంశంలో 24 నిమిషాలు ఉత్తరంగా పడింది. మాల్టా స్వతంత్ర దేశమై కూడా అంతకన్నా నష్టపోకూడదు, కనుక అదే చివరి హద్దు. అందులో మూడొంతులు, అంటే 18 నిమిషాలు జరిపారు. అక్షాంశంలో నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, కాబట్టి సుమారు 33 కిలోమీటర్లు. 24లో మూడొంతులే ఎందుకన్నదానికి తీర్పులో సూత్రమేదీ కనిపించదు. న్యాయమూర్తుల విచక్షణే.

చివరిది నిష్పత్తి పరీక్ష. తీరాలు ఎనిమిదికి ఒకటైతే సముద్రాన్నీ అలాగే పంచాలని దీని అర్థం కాదు. అలా పంచితే మధ్యగీతతో పనే ఉండదు. వచ్చిన ఫలితం కొట్టొచ్చినట్టు అన్యాయంగా ఉందా అని మాత్రమే చూస్తారు. ఇటలీకి కూడా హక్కులున్న ప్రాంతాలను పక్కన పెట్టాల్సి రావడంతో విస్తీర్ణాలను అంకెల్లో కట్టడం కుదరలేదు. పైకి కనిపించేంత అసమానత లేదని చెప్పి ముగించారు.

ఈ మూడు మెట్లను ఒక క్రమంలో స్పష్టంగా చెప్పింది మాత్రం 2009లో, నల్లసముద్రంపై రుమేనియా, ఉక్రెయిన్ వ్యాజ్యంలో. అక్కడ అంకెలూ వేశారు. తీరాలు ఒకటికి 2.8, దక్కిన సముద్రం ఒకటికి 2.1. రెండూ సరిపోలలేదు. అయినా గీతను కదపలేదు.