గుండిగలో అయిదు మందులు

ఫార్మకాలజీలో బీటా బ్లాకర్ల పాఠం పూర్తయ్యేసరికి విద్యార్థి నోట్సులో డజను పేర్లు చేరతాయి. ప్రొప్రనలాల్, మెటొప్రొలాల్, అటెనొలాల్, టిమొలాల్, ఇలా అన్నీ ‘లాల్’తోనే ముగుస్తాయి. పాఠం వింటున్నప్పుడు అర్థమైన సంగతి రాత్రి పుస్తకం మూసేశాక కూడా గుర్తుంటుంది. పేర్లు మాత్రం ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఎంబీబీఎస్ రెండో ఏడాదిలోనూ, బీఫార్మసీలోనూ, నర్సింగ్‌లోనూ ఈ చిక్కు ఒకటే. దీనికి పాతకాలం నుంచీ ఉన్న విరుగుడు కొండగుర్తు. పేర్ల మొదటి అక్షరాలు ఏరి ఒక మాటగానో వాక్యంగానో కూర్చుకోవడం. ఆ కొండగుర్తును ఎవరి జాబితా నుంచి కడుతున్నామన్నదే అసలు విషయం.

ముందు మందుల సంగతి చూద్దాం. భయం వేసినా, పరుగెత్తినా ఒంట్లో అడ్రినలిన్ పెరిగి గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఆ అడ్రినలిన్ వచ్చి తగులుకునే చోట్లలో బీటా-1 అనేవి ఎక్కువగా గుండెలో ఉంటాయి. బీటా-2 అనేవి ఊపిరితిత్తుల గొట్టాలలో ఉండి వాటిని వదులుగా ఉంచుతాయి. బీటా బ్లాకర్లు ఈ చోట్లకు అడ్డుపడతాయి. 1960లలో జేమ్స్ బ్లాక్ బృందం తయారుచేసిన ప్రొప్రనలాల్ బీటా-1నీ బీటా-2నీ కలిపి ఆపేస్తుంది. గుండె నెమ్మదిస్తుంది, కానీ ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరి గొట్టాలు బిగుసుకునే ప్రమాదం ఉంది. తరువాత వచ్చిన అటెనొలాల్ వంటివి ముఖ్యంగా గుండె మీదే పనిచేస్తాయి. అందుకే ఏ మందు గుండెను ఎంచుకుంటుంది, ఏది ఎంచుకోకుండా అన్నిచోట్లా అడ్డుపడుతుంది అన్న విభజన పరీక్ష కాగితానికీ కావాలి, రోగికీ కావాలి.

గుండెను ఎంచుకునే మందులకు ఇంగ్లీషు పుస్తకాల్లో ‘ఏ బీమ్’ అనే కొండగుర్తు చాలాకాలంగా ఉంది. ఏసిబ్యుటొలాల్, బెటాక్సొలాల్, ఎస్మొలాల్, అటెనొలాల్, మెటొప్రొలాల్ అని దాని విడమరుపు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఇప్పుడు మన విద్యార్థి నోట్సులో గురువుగారు చెప్పిన జాబితా ఇలా ఉందనుకుందాం: గుండెను ఎంచుకునేవి మెటొప్రొలాల్, అటెనొలాల్, బిసొప్రొలాల్, ఎస్మొలాల్, నెబివొలాల్. ఎంచుకోనివి ప్రొప్రనలాల్, టిమొలాల్, నాడొలాల్, సొటలాల్, పిండొలాల్. బీటాతోపాటు ఆల్ఫా అనే మరో రకం చోట్లకు కూడా అడ్డుపడేవి ల్యాబెటలాల్, కార్వెడిలాల్. ఈ జాబితా పక్కన ‘ఏ బీమ్’ పెట్టి చూస్తే లోటు తెలుస్తుంది. అందులో నెబివొలాల్‌కు చోటే లేదు. ‘బీ’ అంటే బెటాక్సొలాలా, బిసొప్రొలాలా అన్నది తేలదు. ‘ఏ’లు రెండున్నాయి. పరీక్ష తొందరలో రెండో ‘ఏ’ దగ్గర అమ్లోడిపిన్ వచ్చి కూర్చుంటుంది. అది వేరే తరగతి మందు. విద్యార్థికి కొండగుర్తు చక్కగానే గుర్తుంది, జవాబు మాత్రం తప్పింది.

అక్షరమాలను రెండుగా చీల్చే చిట్కా ఇంకొకటి ఉంది. ఇంగ్లీషులో ఏ నుంచి ఎమ్ వరకు మొదలయ్యే పేర్లు గుండెను ఎంచుకుంటాయి, ఎన్ నుంచి జెడ్ వరకు ఉన్నవి ఎంచుకోవు అని. ఆశ్చర్యంగా చాలా పేర్లకు ఇది సరిపోతుంది. కానీ నెబివొలాల్ ఎన్‌తో మొదలై కూడా గుండెనే ఎంచుకుంటుంది. ల్యాబెటలాల్, కార్వెడిలాల్ మొదటి సగంలో ఉండి కూడా ఎంచుకోవు. డజనులో మూడు తప్పే చిట్కాను, ఆ మూడింటినీ విడిగా గుర్తుపెట్టుకోగలిగితేనే వాడాలి.

కాబట్టి సొంత జాబితా నుంచే కట్టుకోవాలి. మొదటి పని పేర్లను శుభ్రం చేసుకోవడం. క్లాసులో చెవికి వినబడినట్టు రాసుకున్న పేర్లలో తప్పులుంటాయి. కొండగుర్తు కట్టాక ఆ తప్పులు కూడా దానితోపాటే నాటుకుపోతాయి. త్రిపాఠీ పుస్తకమో, కాలేజీలో వాడే మరో పాఠ్యపుస్తకమో ముందు పెట్టుకుని ఒక్కొక్క స్పెల్లింగూ సరిచూసుకోవాలి. తరువాత, కొండగుర్తు అక్కర్లేనిదేదో తీసేయాలి. పేరు చివర ‘ఓలాల్’ ఉంటే బీటా బ్లాకర్ అని దాదాపు చెప్పేయవచ్చు. ఒక తరగతి మందులకు ఒకే తోక ఉండే ఈ పద్ధతి ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపే అంతర్జాతీయ నామకరణం వల్ల వచ్చింది. స్టానొజొలాల్ వంటి అరుదైన పేరు మోసం చేస్తుంది. అది స్టెరాయిడ్. అదొక్కటీ పక్కన పెడితే తరగతి ఏదన్నది తోకే చెబుతుంది. తోక చెప్పనిది లోపలి విభజన. మన శ్రమంతా అక్కడే పెట్టాలి.

తెలుగు విద్యార్థికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. ఇంగ్లీషు పొడి అక్షరం ‘బీ’ అంటే బి, బె, బ్యు ఏదైనా కావచ్చు. తెలుగు అక్షరంలో హల్లూ అచ్చూ కలిసే ఉంటాయి కనుక ‘బి’ అంటే బిసొప్రొలాలే, ‘బె’ అంటే బెటాక్సొలాలే. వీలైన చోట రెండో అక్షరాన్ని కూడా పట్టుకుంటే ఇంకా గట్టి. ఇప్పుడు మొదటి అయిదు పేర్ల మొదళ్లు విడదీస్తే మె, అటె, బి, ఎస్, నె వస్తాయి. వీటికి వరుస ముఖ్యం కాదు, ఎటైనా తిప్పుకోవచ్చు. తిప్పగా ఈ వాక్యం కుదిరింది:

గుండిగ ఎసట్లో నెల్లూరు బియ్యం అటూ ఇటూ తిప్పితే మెత్తబడింది.

ఎసరు ఎస్మొలాల్, నెల్లూరు నెబివొలాల్, బియ్యం బిసొప్రొలాల్, అటూ అటెనొలాల్, మెత్త మెటొప్రొలాల్. వాక్యం మొదట్లో ఉన్న గుండిగ ఏ మందుకూ గుర్తు కాదు. అది గుండెకు గుర్తు. చాలామంది కొండగుర్తుల్లో లోపించేది ఇదే. వాక్యం నోటికి వచ్చేస్తుంది, అది ఏ గుంపుకు చెందినదో మరిచిపోతారు. గుంపు పేరును కూడా వాక్యంలోనే కట్టేస్తే ఆ బాధ ఉండదు.

రెండో గుంపుకు కూడా వంటింటి వాక్యమే కడితే నెల తిరిగేసరికి రెండూ కలిసిపోతాయి. అందుకని స్థలం మార్చి బస్సెక్కాలి:

ప్రొద్దుటూరు టికెట్ నాకూ పిన్నికీ సొంతూరివాళ్లకూ అందరికీ ఒకటే.

ప్రొప్రనలాల్, టిమొలాల్, నాడొలాల్, పిండొలాల్, సొటలాల్ వరుసగా దొరుకుతాయి. ‘అందరికీ ఒకటే’ అన్నది గుంపు లక్షణం. బీటా-1, బీటా-2 అనే తేడా చూడకుండా అన్నిటినీ ఆపేస్తాయని. మిగిలిన రెంటికి చిన్న వాక్యం చాలు: ‘ల్యాబ్‌కి కారులో వెళ్లే దారులు రెండు.’ ల్యాబెటలాల్, కార్వెడిలాల్. దారులు రెండు అంటే ఆల్ఫా, బీటా.

ఈ చివరి గుంపు దగ్గర ఒక గొయ్యి ఉంది. ల్యాబెటలాల్ ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో తోక ఓ-ఎల్-ఓ-ఎల్ కాదు, ఏ-ఎల్-ఓ-ఎల్. కార్వెడిలాల్‌లో ఐ-ఎల్-ఓ-ఎల్. తోకలో ఓ బదులు ఏ గానీ ఐ గానీ ఉంటే ఆల్ఫాను కూడా ఆపుతుంది అని విద్యార్థులు సూత్రం చేసుకుంటారు. సొటలాల్ దగ్గర అది బోల్తా పడుతుంది. దాని తోక కూడా ఏ-ఎల్-ఓ-ఎల్లే, అయినా అది ఆల్ఫా జోలికి పోదు. గుండె లయ తప్పినప్పుడు వాడే మందుగా దానికి వేరే గుణముంది. మనం తెలుగులో అన్నిటినీ ‘లాల్’ అనే పలుకుతాం గనుక ఈ తేడాలు చెవికి అందవు. వాక్యం తెలుగులో ఉన్నా, పేర్లను మాత్రం ఇంగ్లీషు స్పెల్లింగుతో రాసి చూసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

సొంతంగా కట్టుకున్నది ఎందుకు నిలుస్తుందన్న దానికి మనస్తత్వ శాస్త్రంలో ఆధారం ఉంది. 1978లో నార్మన్ స్లమెకా, పీటర్ గ్రాఫ్ తమ ప్రయోగాల్లో కొందరికి మాటల జంటలను చదవమని ఇచ్చారు. మరికొందరికి మొదటి మాట, ఒక సూత్రం, ఒక అక్షరం ఇచ్చి రెండో మాటను వాళ్లనే పూర్తి చేయమన్నారు. తామే పూర్తి చేసిన మాటలు ఎక్కువగా గుర్తున్నాయి. దీన్నిబట్టి నా వాక్యాలు కూడా మీకు అరువు సరుకే. మీ గురువుగారు నాడొలాల్ చెప్పకపోతే నా బస్సు వాక్యం మీకు సరిపోదు. పిన్ని బదులు మీ ఇంట్లో ఎవరున్నారో వాళ్లను ఎక్కించండి, అయితే పేరు మొదలు మాత్రం ‘పి’తో ఉండాలి.

కట్టాక పరీక్షించుకునే తీరులోనే చాలామంది పొరబడతారు. వాక్యం నుంచి పేర్లు రాబట్టడం ఒక వైపు మాత్రమే. ప్రశ్నలు రెండో వైపు నుంచే ఎక్కువగా వస్తాయి: ఉబ్బసం ఉన్న రోగికి నాడొలాల్ ఇవ్వవచ్చా అని అడుగుతారు. డజను పేర్లనూ చీటీల మీద రాసి, కలిపేసి, ఒక్కొక్కటి తీసి ఏ వాక్యంలోదో చెప్పాలి. నాడొలాల్ చీటీ రాగానే బస్సు గుర్తురావాలి. మరుసటి రోజు ఒకసారి, వారం తరువాత ఒకసారి ఇలా చేస్తే ఏ పేరు జారుతోందో తేలిపోతుంది. సాధారణంగా జారేది వాక్యం మధ్యలో ఉన్న మాట. దాన్ని ముందుకు జరిపి వాక్యాన్ని మళ్లీ కట్టుకోవాలి.

తరువాతి క్లాసులో కొత్త పేర్లు చేరితే వాక్యం పెరగాలి. గురువుగారు బెటాక్సొలాల్, ఏసిబ్యుటొలాల్ కూడా రాసుకోమన్నారనుకోండి. గుండిగలో బియ్యంతోపాటు బెల్లం, ఏలకులు పడతాయి. పొంగలి అవుతుంది కనుక వాక్యం తెగదు. ఏడు దాటితే మాత్రం రెండుగా విడగొట్టడమే మేలు.

వాక్యం చెప్పలేనిది ఒకటుంది. గుండెను ఎంచుకోవడం అన్నది మోతాదును బట్టి ఉంటుంది. మోతాదు పెరిగేకొద్దీ మెటొప్రొలాల్, అటెనొలాల్ కూడా ఊపిరి గొట్టాల మీద పనిచేయడం మొదలుపెడతాయి. గుండిగ గుంపులో ఉంది గనుక ఉబ్బసం రోగికి నిశ్చింతగా ఇవ్వవచ్చని రాస్తే తప్పే. రెండో గుంపులోని టిమొలాల్‌ను నీటికాసులు అనే కంటిజబ్బుకు చుక్కల మందుగా వాడతారు. కంట్లో వేసిన చుక్క కన్నీటి గొట్టం గుండా ముక్కులోకి దిగి, అక్కడి నుంచి రక్తంలో కలిసి ఉబ్బసాన్ని రేపగలదు. అందుకే జాబితాలో టిమొలాల్ ఎదురుగా ఒక గీత గీసి, ‘చుక్కలే అయినా ఉబ్బసం అడగాలి’ అని రాసుకోవాలి.